స్పాన్సర్‌కి సీజన్ రిపోర్టు లెటర్: ఈ అంకెలు ఇలా రాస్తే సరిపోతుందా?

గుంటూరు_నెట్స్

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర ఒక చిన్న అకాడమీలో హెడ్ కోచ్‌గా చేస్తున్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక పెద్దాయన ఈ సీజన్‌కి మాకు ఆరు లక్షలు ఇచ్చారు. ఆ డబ్బుతో బౌలింగ్ మెషిన్ కొన్నాం, చిరిగిన నెట్లన్నీ మార్చాం, ఫీజు కట్టలేని పిల్లలకు కిట్లు ఇచ్చాం. బిల్లులన్నీ ఆయనకు అందాయి, ఆ విషయంలో ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆయన "పిల్లలు ఎంత మెరుగయ్యారో ఒక లెటర్ రాసివ్వండి కోచ్ గారూ, మా అబ్బాయి కూడా చదువుతాడు" అన్నారు.

జూలైలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి పరీక్షలు పెట్టాం. లెటర్‌లో ముఖ్యమైన భాగం ఇలా రాశాను. చూసి చెప్పండి.

> "జూలైలో మా 46 మంది పిల్లల బ్యాటింగ్ కంట్రోల్ సగటు 58 శాతం. ఫిబ్రవరి నాటికి అది 69 శాతానికి పెరిగింది. పేస్ బౌలర్ల సగటు వేగం గంటకు 98 కిలోమీటర్ల నుంచి 107కి చేరింది. మా కెప్టెన్ మ్యాచ్ సగటు నిరుడు 22, ఈ ఏడాది 34. ఇద్దరు కుర్రాళ్లు జిల్లా అండర్ 16 ప్రాబబుల్స్‌కి ఎంపికయ్యారు. ఇదంతా మీ సహకారం వల్లనే సాధ్యమైంది."

కంట్రోల్ అంటే మేం లెక్కపెట్టేది ఇదీ: అసిస్టెంట్ కోచ్ సైడ్ ఆర్మ్‌తో ముప్పై బంతులు వేస్తాడు, అందులో కుర్రాడు అనుకున్నట్టు ఆడినవి, సరిగ్గా వదిలేసినవి ఎన్ని అని. రెండుసార్లూ అదే మనిషి, అదే వికెట్.

కరీంనగర్_కోచ్

బాగుంది అన్నా. ఇచ్చెయ్యి. ఫోటోలు నాలుగు పెట్టు, జిల్లాకి పోయిన పిల్లలిద్దరిదీ ముందు పెట్టు. డబ్బులిచ్చేవాళ్లు ఒక పేజీ దాటి చదవరు.

స్కోర్‌బుక్

ఇచ్చే ముందు ఒక్కటి చెప్పండి సార్. జూలైలో 46 మంది అన్నారు. ఫిబ్రవరిలో 69 శాతం వచ్చింది ఎంతమందికి?

గుంటూరు_నెట్స్

31 మందికి. మిగతా 15 మంది మధ్యలో మానేశారు. కొందరు వేసవి క్యాంపు ఊపులో చేరినవాళ్లు, దసరా సెలవుల తర్వాత మళ్లీ రాలేదు. కొందరు టెన్త్ వాళ్లు. డిసెంబర్ వస్తే స్కూల్లోనే రాత్రి ఎనిమిది దాకా స్టడీ అవర్స్, ఇక నెట్స్‌కి ఎక్కడొస్తారు? ఇది ఇక్కడ ప్రతి ఏడూ ఉండేదే.

స్కోర్‌బుక్

అనుకున్నాను. అయితే మీ లెటర్‌లో మొదటి వాక్యం 46 మంది గురించి, రెండో వాక్యం 31 మంది గురించి. చదివేవాళ్లకు మాత్రం రెండూ ఒకే పిల్లల గురించి అన్నట్టు ఉంది.

జూలై షీటు దగ్గరుంటే ఒక పని చేయండి. ఉండిపోయిన 31 మందికి జూలైలో ఎంత వచ్చింది, వెళ్లిపోయిన 15 మందికి ఎంత వచ్చింది అని విడదీసి చూడండి. తక్కువ వచ్చిన పిల్లలే ఎక్కువగా మానేసి ఉంటే, ఒక్క కుర్రాడూ మెరుగుపడకపోయినా సగటు పెరుగుతుంది. నేను జిల్లా లీగ్‌కి స్కోరింగ్ చేస్తూ రెండు మూడు అకాడమీల షీట్లు చూశాను. అన్నిచోట్లా పెరుగుదలలో కొంత ఇలా వచ్చిందే.

కరీంనగర్_కోచ్

మానేసినోళ్ల లెక్క స్పాన్సర్‌కి ఎందుకు భాయ్? మనం చెప్పేది మన దగ్గర ఉన్న పిల్లల గురించి.

స్కోర్‌బుక్

అదే నేనూ అంటున్నాను. ఉన్న పిల్లల గురించి చెప్పేటప్పుడు జూలై అంకె కూడా వాళ్లదే ఉండాలి కదా.

గుంటూరు_నెట్స్

షీటు తీసి చూశాను. ఉండిపోయిన 31 మందికి జూలైలో 63 శాతం. వెళ్లిపోయిన 15 మందికి 48.

అంటే మా పిల్లలు 63 నుంచి 69కి వచ్చారు. నేను 11 పాయింట్లు అని రాసింది నిజానికి 6. కొంచెం నీరసం వచ్చింది గానీ లెక్క అర్థమైంది.

స్కోర్‌బుక్

నీరసం ఎందుకు సార్, 6 తక్కువేం కాదు. అయితే దాన్ని ఒక్కో పిల్లాడి దగ్గరకు తీసుకెళ్లి చూడకండి. ముప్పై బంతుల్లో 6 శాతం అంటే సుమారు రెండు బంతులు. ఆ రోజు ఎండ ఎక్కువున్నా, కుర్రాడు స్కూల్లో తిట్లు తిని వచ్చినా రెండు బంతులు అటూ ఇటూ అవుతాయి. 31 మందిని కలిపి చూస్తే ఆ హెచ్చుతగ్గులు చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి కాబట్టి సగటు మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. పిల్లలకు ర్యాంకులు వేసి పట్టిక పెడితే మాత్రం సగం అదృష్టాన్ని అచ్చేసినట్టే.

ఇంకొకటి. ఏ బంతి కంట్రోల్, ఏది కాదు అన్నది ఎవరు రాశారు?

గుంటూరు_నెట్స్

నేనే. రెండుసార్లూ.

స్కోర్‌బుక్

నెట్ వెనక నిలబడి ఏడు నెలలు మీరు నేర్పిన పిల్లాడికి మీరే మార్కులు వేశారు. మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కానీ బ్యాట్ అంచుకి కొద్దిగా తగిలి గల్లీ వైపు నేల మీద వెళ్లిన బంతి ఉందనుకోండి, జూలైలో తప్పుగా కనిపించేది, ఫిబ్రవరిలో "కావాలనే లేట్‌గా ఆడాడు" అనిపిస్తుంది. ఫోన్ వీడియోలు ఉంటే మీ అకాడమీకి సంబంధం లేని కోచ్ ఒకరికి ఇచ్చి, ఏది ఏ నెలదో చెప్పకుండా లెక్కపెట్టమనండి.

ఫాస్ట్_బౌలర్_92

బ్యాటింగ్ సంగతి వదిలేయండి, స్పీడ్ చూడండి! ఏడు నెలల్లో 9 కిలోమీటర్లా? స్పీడ్ గన్ ఎక్కడ పెట్టారు బ్రో? పక్క నుంచి పెడితే ఎక్కువ చూపిస్తుంది. మా క్లబ్‌లో ఒకడు పాయింట్ దగ్గర నిలబడి కొట్టి అందరికీ 130 వచ్చిందని పండగ చేశాడు. గన్ ఎప్పుడూ కీపర్ వెనకే ఉండాలి.

గుంటూరు_నెట్స్

జూలైలో కీపర్ వెనక గోడకి పని జరుగుతోంది, నిలబడే చోటు లేదు. అందుకని గన్ తెచ్చినతను నెట్ బయట, బ్యాట్స్‌మన్ వైపు, పక్కకి పెట్టాడు. ఫిబ్రవరిలో గోడ పూర్తయింది కాబట్టి సరిగ్గా కీపర్ వెనకే పెట్టాం. అంటే జూలైలో ఎక్కువ చూపించి ఉంటే, అసలు పెరుగుదల 9 కంటే ఇంకా ఎక్కువన్నమాట?

స్కోర్‌బుక్

కాదు సార్, అది తిరగబడింది. 92 గారు గన్ కీపర్ వెనక ఉండాలన్నది సరైన మాట. పక్క నుంచి ఎక్కువ చూపిస్తుందన్నది మాత్రం సరికాదు. గన్ కొలిచేది బంతి తన వైపు ఎంత వేగంగా వస్తోందన్నదే. గన్ పక్కకి జరిగితే బంతి వేగంలో కొంత భాగమే దాని వైపు ఉంటుంది, కాబట్టి అంకె ఎప్పుడూ తగ్గుతుంది, పెరగదు. పాయింట్ నుంచి కొట్టిన గన్‌కి 130 వచ్చిందంటే అది చేతినో, బ్యాట్‌నో, ఇంకో కదిలే వస్తువునో పట్టుకుని ఉంటుంది.

ఎంత తగ్గుతుందో లెక్క కట్టవచ్చు. జూలైలో గన్ పెట్టిన చోటు గుర్తుందా? బౌలర్ బంతి వదిలే చోటు నుంచి పిచ్ వెంట ఎన్ని మీటర్లు, పక్కకి ఎన్ని మీటర్లు?

గుంటూరు_నెట్స్

నెట్ స్తంభం ఆనవాలుగా టేపు పెట్టి కొలిచాను. పిచ్ వెంట సుమారు 19 మీటర్లు, పక్కకి 7 మీటర్లు.

స్కోర్‌బుక్

7ని 19తో భాగిస్తే వచ్చేదానికి కోణం సుమారు 20 డిగ్రీలు. 20 డిగ్రీల దగ్గర గన్‌కి కనిపించేది అసలు వేగంలో 94 శాతమే. మీ జూలై సగటు 98ని 0.94తో భాగించండి. 104 వస్తుంది.

```
98 / cos(20°) = 98 / 0.94 ≈ 104
```

కాబట్టి మీ బౌలర్లు 104 నుంచి 107కి వెళ్లారు. పెరిగింది 9 కాదు, సుమారు 3. అది కూడా మీరు టేపుతో కొలిచిన చోటు సరైనదైతేనే. స్తంభం దగ్గర కాకుండా ఇంకో మీటరు లోపల పెట్టి ఉంటే కోణం తగ్గుతుంది, అప్పుడు 3 కాస్తా 4 అవుతుంది. పది డిగ్రీల లోపు ఉంటే తేడా ఒకటిన్నర శాతమే, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఇరవైకి వెళ్లేసరికి ఒక సీజన్ కష్టం అంతా అందులో కొట్టుకుపోతుంది.

ఫాస్ట్_బౌలర్_92

ఓకే, తగ్గుతుందన్నమాట. నేను ఇన్నాళ్లూ ఉల్టా అనుకున్నా. ఐనా 3 కిలోమీటర్లు అంటే మంచి పనే, జిమ్ చేయించి ఉంటారు.

విశాఖ_ఫిజియో

జిమ్ అని అంత త్వరగా అనకండి. ఆ బౌలర్ల వయసు ఎంతండీ? పదమూడు నుంచి పదిహేను మధ్య అయితే, అబ్బాయిలు వేగంగా పొడవు పెరిగే వయసు అదే. ఏడు నెలల్లో ఒక్కొక్కరు మూడు నాలుగు సెంటీమీటర్లు పెరగడం మామూలే. చేయి పొడవవుతుంది, కండ పడుతుంది, మీరు ఏమీ చేయకపోయినా బంతి వేగం పెరుగుతుంది. ఎత్తు కొలిచారా?

గుంటూరు_నెట్స్

కొలిచాం మేడమ్. తొమ్మిది మంది బౌలర్లు, అందరూ 13 నుంచి 15. సగటున 4 సెంటీమీటర్లు పెరిగారు.

విశాఖ_ఫిజియో

అయితే ఆ 3 కిలోమీటర్లలో కోచింగ్ వాటా ఎంత, ఎదుగుదల వాటా ఎంత అని ఎవరూ విడదీయలేరు. లెటర్‌లో ఆ మాటే రాయండి, ఎత్తు పెరుగుదల అంకె పక్కనే పెట్టండి. చదివినవాళ్లకు అర్థమవుతుంది.

నాకు ఆసక్తి ఉన్న అంకె మీ లెటర్‌లో అసలు లేదు. తొమ్మిది మందిలో నడుం నొప్పితో ఎంతమంది ఆగారు? ఈ వయసులో వెన్నెముక కింది భాగంలో సన్నటి పగులు రావడం నేను చాలా చూస్తుంటాను. కుర్రాడు "కొంచెం పట్టేసింది" అంటాడు, బౌలింగ్ వైపుకి వ్యతిరేక పక్కన, వెనక్కి వంగినప్పుడు నొప్పి. మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు కాబట్టి "ఏం లేదన్నారు" అని మళ్లీ బౌలింగ్‌కి పంపేస్తారు. అప్పుడు నెలలు పోతాయి. ఒక్కసారిగా బంతులు పెంచేస్తే వచ్చే ప్రమాదం అది. వేగం పెరిగిందని రాసే లెటర్‌లో ఆ వేగానికి ఎన్ని బంతులు ఖర్చయ్యాయో కూడా ఉండాలి.

గుంటూరు_నెట్స్

ఇద్దరు ఆగారు. ఒకరు మూడు వారాలు, ఇంకొకరికి ఎమ్మారై తీయించారు, అతను ఇప్పటికీ బౌలింగ్ చేయడం లేదు, ఫిబ్రవరిలో బ్యాటింగ్ పరీక్ష ఒక్కటే ఇచ్చాడు. ఇతను తొమ్మిది మందిలో లేడు, పదోవాడు. మ్యాచ్ ఓవర్లు స్కోరు పుస్తకంలో ఉన్నాయి గానీ నెట్స్‌లో ఎన్ని బంతులు వేశారో మా దగ్గర లెక్క లేదు.

విశాఖ_ఫిజియో

లేదని అదే వాక్యంలో రాయండి. ఇంకోటి, జూలైలో పది మంది బౌలర్లు ఉంటే పది అనే రాయాలి. గాయపడిన పిల్లాడు పట్టికలోంచి మాయమైపోకూడదు.

మా_బాబు_ఆల్‌రౌండర్

సార్ ఒక డౌట్. మా బాబు ఆగస్టు చివర్లో పుట్టాడు. అండర్ 16కి వయసు సెప్టెంబర్ 1 నాటికి చూస్తారు కదా, వాడు గ్రూపులో అందరికంటే చిన్నవాడవుతున్నాడు. మొన్న సెలెక్షన్స్‌లో పక్కనున్న పిల్లలు వాడికంటే జానెడు ఎత్తు. మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముక వయసు తక్కువ వస్తే ఇంకో ఏడాది ఆడనిస్తారా? మీ లెటర్‌లో జిల్లాకి ఎంపికైన పిల్లల పుట్టిన తేదీలు పెడితే మాలాంటి వాళ్లకి ఉపయోగం.

స్కోర్‌బుక్

మీరడిగింది ఈ చర్చకి కొంచెం బయటిదండీ, వేరే థ్రెడ్ పెడితే చాలామంది చెబుతారు. ఎముక వయసు తక్కువ వచ్చినంత మాత్రాన అదనంగా ఏడాది రాదు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లెక్క పోదు. మణికట్టు ఎక్స్‌రే పెట్టింది వయసు తగ్గించి చూపేవాళ్లను ఆపడానికి.

మీ మాటలో లెటర్‌కి పనికొచ్చేది ఒకటుంది. ఒకే గ్రూపులో సెప్టెంబర్‌లో పుట్టినవాడికి, ఆగస్టులో పుట్టినవాడికి దాదాపు ఏడాది తేడా. పద్నాలుగేళ్ల దగ్గర ఏడాది అంటే చాలా పెద్దది. ఎంపికలో ముందుండేది చాలాసార్లు ఆ పెద్ద పిల్లలే. గుంటూరు గారూ, మీ ఇద్దరు ప్రాబబుల్స్ ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు చేరారు?

గుంటూరు_నెట్స్

ఒకడు అక్టోబర్, ఇంకొకడు సెప్టెంబర్. అక్టోబర్ కుర్రాడు మా దగ్గర నాలుగేళ్లుగా ఉన్నాడు. రెండోవాడు నవంబర్‌లో ఒంగోలు నుంచి వచ్చాడు, వాళ్ల నాన్నకి బదిలీ. సెలెక్షన్స్ డిసెంబర్‌లో.

స్కోర్‌బుక్

అయితే రెండోవాడిని తయారు చేసింది ఒంగోలు కోచ్. మీ లెక్కలో వేసుకోకండి. ఫిబ్రవరి 31 మందిలో అతను ఉన్నాడా?

గుంటూరు_నెట్స్

లేడు, జూలై పరీక్ష రాసినవాళ్లనే తీసుకున్నాం.

కరీంనగర్_కోచ్

మీరందరూ కలిసి ఆయన లెటర్‌ని పోస్ట్‌మార్టం రిపోర్టు చేస్తున్నారు. సీరియస్‌గా చెప్తున్నా. మా దగ్గర నిరుడు ఒక గ్రానైట్ వ్యాపారి నాలుగు లక్షలు ఇచ్చిండు. మేం ఉన్నది ఉన్నట్టు చెప్పినం, పిల్లలు తగ్గిన్రు, టర్ఫ్ ఎండిపోయింది అని. ఈ ఏడు ఆయన ఆ పైసలు గుడి మండపానికి ఇచ్చిండు. పక్క ఊరి అకాడమీ పెద్ద పెద్ద అంకెలతో పుస్తకం అచ్చేసింది, వాళ్లకి బస్సు వచ్చింది. మెల్‌బోర్న్‌లో నితీష్ సెంచరీ కొట్టినప్పటి నుంచి ప్రతి స్పాన్సర్‌కీ ఇంకో నితీష్ కావాలి. 6 శాతం ఎవరికి కావాలి?

హైటెక్‌సిటీ_సీఎస్సార్

అన్నా, మీకు జరిగింది బాధాకరమే. కానీ ఇలాంటి రిపోర్టులు వచ్చే బల్లకి ఇవతల కూర్చునే ఉద్యోగం నాది. క్రీడల శిక్షణకి కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్ కింద డబ్బు ఇవ్వవచ్చు కాబట్టి అకాడమీల లెటర్లు చాలా వస్తాయి. మొదటి ఏడాది 40 శాతం మెరుగుదల అని రాస్తారు. రెండో ఏడాది ఏం రాస్తారు? ఇంకో 40 రాయాలి, లేదా తగ్గిందని ఒప్పుకోవాలి. మా వాళ్లు రెండో ఏడాది లెటర్ పక్కన మొదటి ఏడాది లెటర్ పెట్టుకుని చదువుతారు. అప్పుడు దొరికిపోతారు. 6 అని రాసినవాడు వచ్చే ఏడాది 5 అని కూడా ధైర్యంగా రాయగలడు.

మీ గ్రానైట్ ఆయన వెళ్లిపోయింది చెడ్డ అంకె చూసి కాకపోవచ్చు. తగ్గిన పిల్లల గురించి, ఎండిన టర్ఫ్ గురించి ఏం చేయబోతున్నారో ఆ లెటర్‌లో ఉందా?

కరీంనగర్_కోచ్

లేదు. కానీ ఉంటే ఇచ్చేవాడని నేను నమ్మను.

హైటెక్‌సిటీ_సీఎస్సార్

సరే. గుంటూరు గారికి రెండు మాటలు. ఒకటి, ఒక్కో పిల్లాడికి ఎంత ఖర్చయిందని పెద్దాయన అబ్బాయి తప్పకుండా అడుగుతాడు. ఆరు లక్షలని 46తో భాగిస్తే 13 వేలు, 31తో భాగిస్తే 19 వేల పైచిలుకు. రెండూ రాయండి, అతను లెక్క కట్టుకునే లోపే మీరే రాస్తే మంచిది. రెండు, పిల్లల పేర్లు, ఫోటోలు, ఎమ్మారై సంగతి పేరుతో సహా పెట్టకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

గుంటూరు_నెట్స్

మాది సీఎస్సార్ డబ్బు కాదు సార్, ఆయన సొంతంగా ఇచ్చారు. పేర్ల విషయం మాత్రం పాటిస్తాను.

స్కోర్‌బుక్ గారూ, కెప్టెన్ సగటు సంగతి మీరేం అనలేదు. అది స్కోరు పుస్తకం అంకె, అందులో నా చేయి లేదు. 11 ఇన్నింగ్స్, 2 నాటౌట్లు, 306 పరుగులు.

స్కోర్‌బుక్

అత్యధిక స్కోరు ఎంత?

గుంటూరు_నెట్స్

104 నాటౌట్.

స్కోర్‌బుక్

ఆ ఒక్క ఇన్నింగ్స్ పక్కన పెట్టండి. 202 పరుగులు, ఔటైంది తొమ్మిదిసార్లే. సగటు 22.4. నిరుడు 22 అన్నారు. ఏడాది మొత్తం మీద కనిపించే పెరుగుదల ఆ ఒక్క మధ్యాహ్నం ఆడిన ఆటలో ఉంది. కుర్రాడి సెంచరీని తక్కువ చేయడం లేదు, సెంచరీ కొట్టాడని రాయండి, అది గర్వపడాల్సిన విషయమే. సగటు 22 నుంచి 34 అయిందని మాత్రం రాయకండి. పదకొండు ఇన్నింగ్స్ సగటు ఒక్క క్యాచ్ జారితే మారిపోతుంది.

వీడియోల పని ఏమైంది?

గుంటూరు_నెట్స్

12 మందికి జూలై, ఫిబ్రవరి వీడియోలు రెండూ దొరికాయి. తెనాలిలో తెలిసిన కోచ్ ఒకాయన కూర్చుని లెక్కపెట్టారు. ఆయన లెక్కలో ఆ 12 మందికీ పెరిగింది 4 పాయింట్లు. అదే 12 మందికి నా లెక్కలో 7.

స్కోర్‌బుక్

ఆ మూడు పాయింట్ల తేడా చాలా విలువైన సమాచారం. ఏ నెలదో ఆయనకు తెలియదు కదా?

గుంటూరు_నెట్స్

చెప్పలేదు. కానీ ఫిబ్రవరి వీడియోల్లో కొత్త నెట్లు కనిపిస్తాయి. ఆయనే నవ్వుతూ అన్నారు, "పచ్చ నెట్ ఉంటే తర్వాతది అని తెలిసిపోతోంది" అని.

స్కోర్‌బుక్

అయితే ఆయనకూ తెలిసినట్టే. ఆ మాట కూడా లెటర్‌లో పెట్టండి. వచ్చే సీజన్‌లో వీడియోని బ్యాట్స్‌మన్ చుట్టూ కత్తిరించి పంపండి.

గుంటూరు_నెట్స్

మళ్లీ మొత్తం రాశాను. ఇది ఫైనల్ అనుకుంటున్నాను.

> అయ్యా,
>
> ఈ సీజన్ జూలైలో 46 మంది పిల్లలు మా అకాడమీలో చేరారు. ఫిబ్రవరి వరకు ఉన్నవారు 31 మంది. పదిహేను మంది మానేశారు. అందులో 6గురు పదో తరగతి చదువు కోసం, 5గురు దసరా తర్వాత ఆసక్తి తగ్గి. మిగతా నలుగురి కారణం మేం ఇంకా కనుక్కోలేదు. మీరిచ్చిన మొత్తం చేరినవారి లెక్కన ఒక్కొక్కరికి సుమారు 13 వేలు, చివరిదాకా ఉన్నవారి లెక్కన సుమారు 19 వేలు అవుతుంది.
>
> ఉన్న 31 మంది ముప్పై బంతుల పరీక్షలో జూలైలో సగటున 63 శాతం బంతులు అదుపులో ఆడారు, ఫిబ్రవరిలో 69 శాతం. ఈ లెక్క నేనే రాశాను. బయటి కోచ్ ఒకరు 12 మంది వీడియోలు చూసి లెక్కపెడితే పెరుగుదల 4 పాయింట్లే వచ్చింది, అదే 12 మందికి నా లెక్కలో 7. కాబట్టి నా అంకెలు కొంత ఎక్కువగా ఉండి ఉండవచ్చు. వీడియోలో కొత్త నెట్లు కనిపించడం వల్ల ఏది తర్వాతిదో ఆయనకూ తెలిసింది. ఒక్కో పిల్లవాడి అంకె మీద ఆధారపడటం సరికాదు కాబట్టి ఆ పట్టిక జత చేయలేదు.
>
> జూలైలో పది మంది పేస్ బౌలర్లు ఉన్నారు. తొమ్మిది మందికి రెండుసార్లూ వేగం కొలిచాం. జూలైలో గన్ పక్కకి ఉండటం వల్ల వేగం తక్కువ చూపింది. దాన్ని సరిచేస్తే సగటు 104 నుంచి 107కి వచ్చిందని అంచనా. అదే కాలంలో వారు సగటున 4 సెంటీమీటర్లు ఎత్తు పెరిగారు. వేగంలో శిక్షణ వాటా ఎంతో మేం విడదీయలేం. ఇద్దరు బౌలర్లు నడుం నొప్పితో ఆగారు, వారిలో పదో బౌలర్ ఇంకా బౌలింగ్ చేయడం లేదు. నెట్స్‌లో ఎవరు ఎన్ని బంతులు వేశారో మేం ఈ ఏడాది రాయలేదు.
>
> మా దగ్గర నాలుగేళ్లుగా నేర్చుకుంటున్న ఒక అబ్బాయి జిల్లా అండర్ 16 ప్రాబబుల్స్‌కి ఎంపికయ్యాడు. నవంబర్‌లో వేరే ఊరి నుంచి వచ్చి చేరిన ఇంకొక అబ్బాయి కూడా ఎంపికయ్యాడు, ఆ ఘనత అతని పాత కోచ్‌ది. మా కెప్టెన్ ఈ ఏడాది ఒక సెంచరీ చేశాడు.
>
> మీ సాయం లేకుండా ఇదే పిల్లలు ఎంత మెరుగయ్యేవారో మాకు తెలియదు, ఎందుకంటే పోల్చడానికి ఇంకో బృందం లేదు. వచ్చే సీజన్‌లో పరీక్షలు జూలై, నవంబర్, ఫిబ్రవరి మూడుసార్లు పెడతాం, గన్ ఒకేచోట ఉంచుతాం, ప్రతి పేస్ బౌలర్ నెట్స్‌లో వేసిన బంతులు రాస్తాం.

విశాఖ_ఫిజియో

బంతులు రాయడానికి కోచ్‌ని పెట్టకండి, మర్చిపోతారు. ప్రతి బౌలర్‌కీ ఒక చిన్న పుస్తకం ఇచ్చి, ఇంటికెళ్లే ముందు గేటు దగ్గర చూపించి వెళ్లమనండి. వారం వారం మొత్తం లెక్క కట్టండి. పోయిన వారం కంటే ఒక్కసారిగా ఎక్కువైతే అక్కడే ఆపొచ్చు.

ఫాస్ట్_బౌలర్_92

గన్ నిలబెట్టే చోట కాంక్రీటు మీద పెయింట్‌తో గుర్తు వేసేయండి బ్రో. ఎత్తు కూడా రాసుకోండి, స్టాండ్ మారితే అది కూడా మారుతుంది.

కరీంనగర్_కోచ్

"మాకు తెలియదు" అనే వాక్యం తీసెయ్ అన్నా. మిగతాది ఒప్పుకుంటా. అది చదివితే నేనైతే డబ్బులు ఇయ్య.

హైటెక్‌సిటీ_సీఎస్సార్

నేనైతే ఆ వాక్యం చూసే ఇస్తాను. ఇక్కడ మనిద్దరం కలవం అన్నా.

గుంటూరు_నెట్స్

ఉంచాను. నిన్న సాయంత్రం ఇచ్చి వచ్చాను. పెద్దాయన అబ్బాయి చదివాడు. బ్యాటింగ్, స్పీడ్ గురించి ఏమీ అడగలేదు. ఆ 6గురు టెన్త్ పిల్లల దగ్గర ఆగిపోయాడు. "ఉదయం ఐదున్నరకి ఒక గంట బ్యాచ్ పెడితే వాళ్లలో ఎంతమంది వచ్చేవారు? లైట్లకి ఎంత అవుతుంది?" అని అడిగాడు. వచ్చే సీజన్ డబ్బు గురించి అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆ ప్రశ్నకి జవాబు పట్టుకుని రమ్మన్నాడు.

మా_బాబు_ఆల్‌రౌండర్

మా బాబు వచ్చే ఏడాది టెన్త్. ఐదున్నరకి అంటే నేను దింపుతాను సార్. కానీ డిసెంబర్ తర్వాత వాళ్ల స్కూల్లో ఉదయం కూడా స్టడీ అవర్ మొదలవుతుంది, ఆరుంపావుకల్లా అక్కడ ఉండాలి.

స్కోర్‌బుక్

ఇలాంటివే కనుక్కోవాలి సార్. ఆ 6గురి ఇళ్లకీ ఫోన్ చేసేటప్పుడు "వస్తారా" అని అడగకండి, అందరూ వస్తామంటారు. స్కూలుకి ఎన్నింటికి వెళ్తారు, ఎవరు దింపుతారు, డిసెంబర్‌లో ఆ టైము మారుతుందా అని అడగండి. కారణం తెలియని నలుగురికి కూడా అప్పుడే చేయండి.

గుంటూరు_నెట్స్

ఆదివారం చేస్తాను. ఒక ఇంటి నంబర్ పనిచేయడం లేదు, ఆ అబ్బాయి స్కూల్లో పీఈటీ గారిని అడగాలి.